రూమ్ నైట్‌కి అసలు ఖర్చెంత: 1,400 నిజమా, 2,150 నిజమా?

ప్రశ్న: మాది 20 గదుల చిన్న హోటల్. సగటు రేటు 1,800. బుకింగ్ సైట్ల కమీషన్ పక్కన పెట్టి, నెల ఖర్చంతా కలిపి అమ్ముడైన గదులతో భాగిస్తే ఒక నెల గదికి 1,400 వచ్చింది, ఇంకో నెల 2,150 వచ్చింది. మొదటి నెలలో 420 రూమ్ నైట్లు, రెండో నెలలో 240. ఇందులో ఏది అసలు ఖర్చు? ఒక కంపెనీ వాళ్లు రోజూ 5 గదులు 1,100కి అడుగుతున్నారు. ఖర్చు కన్నా తక్కువకి ఇస్తే నష్టం కదా?

జవాబు:

భాగహారం రెండు నెలల్లోనూ సరిగ్గానే చేశారు. కానీ కంపెనీ వాళ్లకి అవుననాలా కాదనాలా అన్నది ఆ రెండు అంకెల్లో ఏదీ చెప్పదు. ఖాళీగా పడి ఉండే గదిని ఒక రాత్రికి ఎవరికైనా ఇస్తే మీ జేబులోంచి కొత్తగా పోయేది, మీరిచ్చిన లెక్కల ప్రకారం, 400 దగ్గర ఉంది. మిగతాదంతా గది నిండినా నిండకపోయినా మీరు కట్టక తప్పని డబ్బు. కాబట్టి 1,100 బేరం పైకి కనిపించినంత చెడ్డది కాదు. అందులో నష్టం లేకపోలేదు. అది మీ హోటల్ పూర్తిగా నిండే రాత్రుల్లో ఉంది. దాని లెక్క కింద వేస్తాను. చిన్న హోటళ్ల జమాఖర్చులు చూడటమే నా పని కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఆ 400 ఎక్కడిదో చూద్దాం. మొదటి నెల మొత్తం ఖర్చు 420 × 1,400, అంటే 5,88,000. రెండో నెలది 240 × 2,150, అంటే 5,16,000. రూమ్ నైట్లు 180 తగ్గాయి, ఖర్చు 72,000 తగ్గింది. 72,000ని 180తో భాగిస్తే 400. ఒక్కో గది ఒక్కో రాత్రి నిండినందుకు మీకు పడిన అదనపు ఖర్చు అది. ఇప్పుడు మొదటి నెలలో 420 × 400 = 1,68,000 తీసేస్తే 4,20,000 మిగులుతుంది. రెండో నెలలో 240 × 400 = 96,000 తీసేసినా అదే 4,20,000. అద్దె, నెల జీతాలు, ఇన్సూరెన్స్, ఇంటర్నెట్, ఏసీల మెయింటెనెన్స్ కాంట్రాక్టు, వరండా లైట్లు అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క గెస్టు రాకపోయినా ఆ నెలకి అది కట్టాల్సిందే.

మీ లెక్కని ఇలా రాసుకోండి:

```
రూమ్ నైట్ ఖర్చు = 4,20,000 ÷ నిండిన రూమ్ నైట్లు + 400
```

420 నైట్లకి వేస్తే 1,000 + 400. 240 నైట్లకి వేస్తే 1,750 + 400. రెండు నెలల్లోనూ గది ఖర్చు ఏమీ మారలేదు. మారిందల్లా ఆ 4,20,000ని ఎంతమంది నెత్తిన పంచారన్నదే.

ఇది తెలియక చాలామంది చేసే పని ఒకటుంది. గిరాకీ లేని నెలలో 2,150 అని చూసి, "1,800కి ఇస్తే మునిగిపోతాం" అని రేటు 2,300కి పెంచుతారు. అసలే జనం రాని నెల, పైగా రేటు పెరిగింది. 240 కాస్తా 200 అవుతుంది. మళ్లీ భాగిస్తే 2,500 వస్తుంది. దాంతో రేటు ఇంకా పెంచాలనిపిస్తుంది. సగటు ఖర్చు చూసి రేటు పెట్టేవాళ్లు సీజన్ లేనప్పుడు రేటు పెంచుతారు, సీజన్ వచ్చినప్పుడు తగ్గిస్తారు. బేరం నడిచే పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు.

రెండు నెలల తేడాతో తీసిన 400ని అలాగే నమ్మేయకండి

రెండు నెలలు తీసుకుని తేడాతో భాగించడం మొదటి అంచనాకి బాగానే ఉంటుంది. అది తప్పే చోట్లు మాత్రం తెలిసి ఉండాలి. ఒక నెలలో ఆరు నెలలకి సరిపడా సబ్బులు కొని మొత్తం ఆ నెల ఖర్చులోనే రాసేసి ఉండొచ్చు. లాండ్రీ బిల్లు ఒక నెల ఆలస్యంగా వస్తూ ఉండొచ్చు. అప్పుడు నిండిన నెల లాండ్రీ ఖాళీ నెలలో పడుతుంది. ఒక నెల ఏసీలు తెగ తిరిగే నెల, ఇంకోటి కాని నెల అయితే, కరెంటు తేడా గదులు నిండినందుకు వచ్చిందా, ఎండకి వచ్చిందా చెప్పలేం. అందుకే అదే అంకెని రెండో వైపు నుంచి, అంటే గదిలో ఏమేం ఖర్చవుతుందో ఒక్కొక్కటీ కూడుకుంటూ కూడా తేవాలి. రెండు దారుల్లోనూ దగ్గర దగ్గరగా వస్తే ఇక టెన్షన్ అక్కర్లేదు.

ఇలా కూడేటప్పుడు ఎక్కువమంది తడబడేది ఒకే విషయంలో. ఖర్చంతా "గదికి, రాత్రికి" అని ఒకే మూటలో కడతారు. నిజానికి గదిలో అయ్యే ఖర్చుని కదిలించేవి మూడు వేర్వేరు సంగతులు. కొన్ని గెస్టు దిగిన ప్రతిసారీ ఒక్కసారే అవుతాయి. కొన్ని ప్రతి రాత్రీ అవుతాయి. కొన్ని తలకి ఇంత అని అవుతాయి.

మీలాంటి హోటల్‌కి ఒక నమూనా వేస్తాను. అంకెలు నేను అనుకున్నవి, మీవి మీరు పెట్టుకోండి. గెస్టు ఖాళీ చేశాక దుప్పట్లు, దిండు గలీబులు, టవళ్లు మొత్తం సెట్టు ఉతకడానికి 100, ఆ సెట్టు అరుగుదలకి 10. కొత్త సబ్బు, షాంపూ కిట్‌కి 50. చెకౌట్ తర్వాత గది పూర్తిగా శుభ్రం చేసినందుకు గది లెక్కన ఇచ్చే కూలి 60. కలిపితే ఒక బసకి 220. ఆ గెస్టు ఒక్క రాత్రి ఉన్నా, నాలుగు రాత్రులు ఉన్నా ఇది ఒక్కసారే. తర్వాత ప్రతి రాత్రికీ కరెంటు 90. రోజూ గది తుడవడం, మంచినీళ్ల బాటిళ్లు, టిష్యూలు వగైరా 80. మొత్తం 170. ఇక బ్రేక్‌ఫాస్ట్ సరుకులకి మనిషికి 80.

మీ హోటల్లో సగటున ఒక బస రెండు రాత్రులు, గదికి సగటున ఒకటిన్నర మంది అనుకుందాం. 220ని రెండు రాత్రులకి పంచితే 110. దానికి 170, ఒకటిన్నర మందికి 120 కలిపితే 400. పై నుంచి వచ్చిన అంకె, కింద నుంచి వచ్చిన అంకె కలిశాయి.

ఇప్పుడు ఈ విడదీత ఎందుకు పనికొస్తుందో చూడండి. ఇద్దరు వచ్చి ఒక్క రాత్రి ఉండి వెళ్లిపోతే మీకు అదనంగా పడేది 220 + 170 + 160 = 550. ఒక్కరే వచ్చి నాలుగు రాత్రులు ఉంటే 220 + 4 × 250 = 1,220, అంటే రాత్రికి 305. అదే గది, అదే హోటల్. తేడా రాత్రికి 245. ఇద్దరికీ "గది ఖర్చు 400" అనే అనుకుంటే మొదటివాళ్లకి తక్కువ రేటు చెబుతారు, రెండోవాళ్లని అనవసరంగా వదులుకుంటారు. మీ కంపెనీ మనుషులు రెండో రకంలోకే వస్తారని నా అంచనా. పని మీద ఒక్కొక్కరే వచ్చి కొన్ని రోజులు వరసగా ఉంటారు.

నెల జీతం మీద ఉన్న రూమ్ బాయ్‌ల కూలిని ఇందులో కలపకండి. పైన చెప్పిన 60 గది లెక్కన బయటి మనిషికి ఇచ్చేదయితేనే ఇక్కడికి వస్తుంది. జీతం మీద ఉన్నవాళ్లు ఐదు గదులు ఊడ్చినా పది ఊడ్చినా జీతం అదే, కాబట్టి అది 4,20,000లోనే ఉంటుంది. రెండు చోట్లా రాస్తే 400 కాస్తా 450 అయి కూర్చుంటుంది. వంటమనిషి జీతానిదీ ఇదే సంగతి. బ్రేక్‌ఫాస్ట్‌లో సరుకులు మాత్రమే తలకి లెక్క.

జీతాల్లో ఇంకో మెలిక ఉంది. ఒక మనిషి ఒక షిఫ్టులో బాగా చేయగలిగేది మామూలుగా 12 నుంచి 15 గదులు. చెకౌట్‌లు ఎక్కువుంటే 12, ఉన్న గెస్టులే ఎక్కువుంటే 15. మీ దగ్గర సగటున 14 గదులు నిండే నెలలో ఒక్క మనిషితో నడిచిపోతుందేమో గానీ, 18 గదులు నిండిన రోజు రెండో మనిషి కావాలి. ఈ ఖర్చు గది గదికీ కొద్దికొద్దిగా పెరగదు. ఒక గీత దాటగానే ఒక్కసారి మెట్టెక్కినట్టు పెరుగుతుంది. ఆ గీత ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి. పద్నాలుగో గది మీకు 400కే పడొచ్చు. పదహారో గది కోసం ఒక రోజు కూలి మనిషిని పిలవాల్సి వస్తే, ఆ ఒక్క గది ఖర్చులోనే ఆ కూలంతా ఉంటుంది.

కరెంటు బిల్లుని విడదీయడం

అన్నిటికన్నా ఎక్కువ గొడవ కరెంటుతోనే. బిల్లు ఒకటే వస్తుంది. అందులో వరండా, రిసెప్షన్, నీళ్ల మోటారు, ఫ్రిజ్‌లు ఎప్పుడూ తిరిగేవి. ఏసీలు, గీజర్లు గెస్టు ఉంటేనే తిరిగేవి. నెల బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. నేను చేయించే పని చాలా సాదాది. రిసెప్షన్‌లో ఒక నోటుబుక్ పెట్టి, రెండు వారాల పాటు రోజూ ఉదయం చెకౌట్‌లకి ముందు ఒకే టైముకి మీటరు రీడింగు, పక్కనే రాత్రి నిండిన గదుల సంఖ్య రాయిస్తాను. అంతే.

ఉదాహరణకి 6 గదులు నిండిన రోజుల్లో సగటున 118 యూనిట్లు, 14 గదులు నిండిన రోజుల్లో 190 యూనిట్లు వచ్చాయనుకోండి. 8 గదులకి 72 యూనిట్లు, అంటే గదికి 9. ఆరు గదుల 54 యూనిట్లు 118లోంచి తీసేస్తే 64 మిగులుతాయి. ఒక్క గెస్టు లేకపోయినా రోజుకి కాలేవి ఆ 64. యూనిట్ 10 అనుకుంటే గదికి రాత్రికి 90. పైన నేను రాసిన 90 అదే. డబ్బుతో కాకుండా యూనిట్లతో లెక్క కట్టమనడానికి కారణం ఉంది. బిల్లులో స్థిర చార్జీలు, వాడకం పెరిగే కొద్దీ మారే స్లాబులు కలిసిపోయి ఉంటాయి. డబ్బుతో తీస్తే రేటు మారిందా, వాడకం మారిందా తెలీదు. వేడి నెలలకి, చల్లటి నెలలకి ఈ లెక్క విడివిడిగా చేయాలి. రెండిట్లో ఏసీ, గీజర్ వాడకాలు వేరు కాబట్టి గదికి యూనిట్లు కూడా వేరుగా వస్తాయి.

గెస్టు గదిలో లేనప్పుడు ఏసీ ఆగేలా కీ కార్డు స్విచ్ పెట్టిన హోటళ్లలో గదికి యూనిట్లు తగ్గాలి. పెట్టాక కూడా తగ్గలేదంటే ఆ స్లాటులో ఎవరో పాత కార్డు ముక్క దూర్చి పెట్టి ఉంటారు. ఒకసారి అన్ని గదులూ తిరిగి చూస్తే దొరికిపోతుంది.

రెండు వైపుల అంకెలు కలవకపోతే

ఒక్కొక్కటీ కూడితే 330 వచ్చి, నెలల తేడా 400 చూపిస్తోందనుకోండి. నెలల తేడాలో బిల్లుల తికమకలు లేవని తేలాక కూడా ఆ 70 అలాగే ఉంటే, ఎక్కడో కారుతోందని అర్థం. ముందు లాండ్రీ చూడండి. 420 రూమ్ నైట్లు, బస సగటు రెండు రాత్రులు అంటే నెలకి 210 చెకౌట్‌లు. ఉతకడానికి వెళ్లాల్సినవి 210 సెట్లు, మరకలు పడి మధ్యలో మార్చినవి ఓ పది. లాండ్రీ బిల్లులో 265 ఉంటే మిగతా 45 సెట్ల కథ ఎవరో చెప్పాలి. నేను లెక్కలు చూసే ఒక చోట ఇలాగే తేడా వచ్చింది. దొంగతనం అనుకుని యజమాని సెక్యూరిటీ మీద పడ్డారు. విషయం అది కాదు. ఉన్న గెస్టులకి రోజు విడిచి రోజు దుప్పట్లు మార్చమని పాత మేనేజరు ఎప్పుడో చెప్పారట, ఆయన వెళ్లిపోయినా అలవాటు మిగిలింది. అడిగితేనే మారుస్తామని గదిలో చిన్న కార్డు పెట్టాక సెట్లు చెకౌట్‌ల దగ్గరికి వచ్చాయి.

సబ్బు కిట్లకీ ఇదే పరీక్ష. స్టోర్ నుంచి ఇచ్చిన కిట్లు ఎన్ని, చెకౌట్‌లు ఎన్ని. ఈ రెండు అంకెలు పక్కపక్కన లేని హోటల్లో 400 అనే లెక్కకి పునాది లేదు.

భాగించే అంకె విషయంలోనూ ఒక మాట. బంధువులకి, ఏజెంట్లకి ఉచితంగా ఇచ్చిన గదిలో కూడా సబ్బు అరుగుతుంది, దుప్పటి మాస్తుంది. కాబట్టి 400 తేల్చేటప్పుడు మనిషి పడుకున్న ప్రతి గదినీ లెక్కించాలి. అద్దె, జీతాలు పంచేటప్పుడు మాత్రం డబ్బు వచ్చిన గదులకే పంచాలి. డబ్బు కట్టి రాని గెస్టు దీనికి ఎదురు: ఆదాయం ఉంది, 400 లేదు. రిపేరులో ఉన్న గది రెండిట్లోనూ రాదు. నెలకి ఇలాంటివి రెండు మూడే అయితే వదిలేయండి, ఇరవై అయితే వదలొద్దు.

ఈ రాత్రికి ఎంతకన్నా తక్కువకి ఇవ్వకూడదు?

కమీషన్ పక్కన పెట్టానన్నారు, మంచి పని చేశారు. అది గదితో మారదు, రేటుతో మారుతుంది. అందుకని దాన్ని 400లో కలపకుండా చివర్లో లెక్కేయాలి. బుకింగ్ సైటు కమీషన్, కార్డు చార్జీ కలిపి 20 శాతం అనుకుందాం. ఇద్దరు ఒక్క రాత్రికి వస్తే ఖర్చు 550. దానికి 20 శాతం కలిపితే 660 అవుతుంది, అది తప్పు. కమీషన్ మీరు అమ్మిన రేటు మీద పోతుంది కాబట్టి 550ని 0.80తో భాగించాలి. 687.50 వస్తుంది. అంటే 688 కన్నా తక్కువకి ఇస్తే చేతి డబ్బు పోతుంది. పన్నులు దీనికి పైన.

ఇది నేల మాత్రమే, మీరు పెట్టాల్సిన రేటు కాదు. రాత్రి తొమ్మిదింటికి పది గదులు ఖాళీగా ఉన్నాయని 700కి సైట్లో పెడితే ఆ రాత్రికి కొన్ని గదులు నిండొచ్చు. కానీ ముందే 1,800 కట్టిన గెస్టు అది చూస్తారు. వచ్చే వారం ఆయన కూడా రాత్రి తొమ్మిది దాకా ఆగుతారు. అందుకే నేల రేటుకి దగ్గరగా ఇవ్వాల్సి వస్తే అందరికీ కనపడని చోట ఇవ్వాలి: కంపెనీ ఒప్పందం, గ్రూపు, నాలుగు రాత్రులు దాటితే తగ్గింపు లాంటివి. మీకొచ్చిన బేరం సరిగ్గా అలాంటిదే.

ఇక కంపెనీ వాళ్ల 5 గదులు

నెలకి 150 రూమ్ నైట్లు, కమీషన్ లేదు, ఒక్కొక్కరు నాలుగేసి రాత్రులు ఉంటారనుకుంటే ఖర్చు రాత్రికి 305. ప్రతి రాత్రికీ మీకు మిగిలేది 1,100 లోంచి 305 తీసేస్తే 795.

ఖాళీ నెల, అంటే 240 నైట్ల నెల తీసుకోండి. రోజుకి సగటున 8 గదులు నిండుతున్నాయి, ఇంకో 5 వచ్చినా ఎవరినీ వెనక్కి పంపక్కర్లేదు. 150 × 795 = 1,19,250 అద్దెకి, జీతాలకి కొత్తగా జమ అయినట్టే. ఈ నెలలో "ఖర్చు 2,150, అమ్మేది 1,100" అని కాదనడం అంటే ఈ డబ్బుని వద్దనడం.

420 నైట్ల నెల అంత తేలిక కాదు. సగటు 14 అంటే రోజూ 14 అని కాదు. పది రాత్రులు 20 గదులూ నిండి, మిగతా ఇరవై రాత్రులు 11 చొప్పున ఉన్నా మొత్తం 420 అవుతుంది. ఆ పది రాత్రుల్లో కంపెనీకి 5 గదులు ఇస్తే 1,800 ఇచ్చే ఐదుగురిని వెనక్కి పంపుతారు. సగం బుకింగులు సైట్ల నుంచి వస్తాయనుకుంటే సగటు కమీషన్ 10 శాతం, అంటే 180. 1,800 లోంచి 180, 400 తీసేస్తే ఒక్కో గదికి 1,220 పోగొట్టుకుంటారు. 50 రూమ్ నైట్లకి 61,000. ఒప్పందం నుంచి వచ్చే 1,19,250 లోంచి ఇది తీసేస్తే 58,250. అప్పటికీ మిగులే.

ఆ 58,250ని పెంచుకునే దారి కూడా ఈ లెక్కలోనే ఉంది. రేటు 1,100 నుంచి 1,150 చేయమని పట్టుబడితే 150 నైట్లకి 7,500 వస్తుంది. దానికన్నా, నిండే పది రాత్రుల్లో 5కి బదులు 2 గదులే ఇస్తామని రాయించుకోండి. ఆ రాత్రుల్లో 30 రూమ్ నైట్లు మీ చేతికి తిరిగొస్తాయి. ఒక్కోదానికి 1,220కి, 795కి ఉన్న తేడా 425, మొత్తం 12,750. బేరంలో రేటు కన్నా తేదీలకి విలువ ఎక్కువ. కంపెనీ వాళ్లకి కూడా సెలవులు, పండగల రాత్రుల్లో గదులు పెద్దగా అక్కర్లేదు, కాబట్టి తరచూ ఒప్పుకుంటారు.

ఒక హెచ్చరిక: ఖాళీ నెలల్లో ఇలాంటి ఒప్పందాలు ఒకటి తర్వాత ఒకటి ఒప్పుకుంటూ పోతే, నిండే రాత్రులు పది నుంచి ఇరవై అవుతాయి. నేను వేసిన లెక్క అప్పుడు చెల్లదు. రెండో కంపెనీ వచ్చి అవే 5 గదులు అవే 1,100కి అడిగితే మళ్లీ మొదటి నుంచి వేయాలి. మొదటి కంపెనీకి అవును అన్నాం కదా అని రెండోవాళ్లకీ అనకూడదు.

మరి 1,400, 2,150 దేనికి?

పూర్తి ఖర్చు అంకె ఒకటి కావాల్సిందే, కానీ నెలవారీగా కాదు. ఏడాదికి ఒక్కటి. స్థిర ఖర్చు నెలకి 4,20,000 అంటే ఏడాదికి 50,40,000. మామూలు ఏడాదిలో మీరు 4,032 రూమ్ నైట్లు అమ్ముతారనుకుందాం. ఉన్న 7,300లో అది 55 శాతం చిల్లర. అప్పుడు గదికి 1,250 + 400 = 1,650. మీ సగటు రేటు 1,800లో కమీషన్ పోగా చేతికి వచ్చేది 1,620. అంటే గదికి 30 తక్కువ పడుతోంది. ఏడాదికి దాదాపు 1,21,000. నిండిన నెలల్లో డబ్బు ఆడుతూ ఉంటుంది కాబట్టి ఇది బయటికి కనపడదు. నిలదొక్కుకోవాలంటే నెలకి 4,20,000 ÷ 1,220, అంటే 345 నైట్లు అమ్మాలి. కంపెనీ ఒప్పందం ఒక్క ఖాళీ నెలలో తెచ్చే 1,19,250తో ఈ ఏడాది లోటు ఇంచుమించు పూడిపోతుంది. బేరాన్ని తేలిగ్గా తీసెయ్యొద్దని మొదట్లో అన్నది ఇందుకే.

ఈ 1,650ని వేరే హోటళ్ల వాళ్లు చెప్పే అంకెతో పోల్చుకోకండి. పెద్ద హోటళ్లు సీపీఓఆర్, అంటే నిండిన ఒక్కో గదికి అయ్యే ఖర్చు, అని చెప్పేది సాధారణంగా రూమ్స్ డిపార్ట్‌మెంట్ ఖర్చు మాత్రమే: హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్, లాండ్రీ, గదిలో సామగ్రి. 1926 నుంచి వాడుకలో ఉన్న హోటల్ అకౌంటింగ్ పద్ధతిలో అద్దె, ఇన్సూరెన్స్, ఆస్తి పన్ను వేరే వరసల్లో పోతాయి. కరెంటు కూడా ఆ డిపార్ట్‌మెంట్‌లో రాయరు. వాళ్ల అంకె మీ 400కీ సరిపోదు, 1,650కీ సరిపోదు. "ఫలానా వాళ్లకి గదికి 600 మాత్రమే అవుతోందట" అని ఎవరైనా అంటే అందులో ఏమేం కలిపారో అడగండి.

మీ 4,20,000లో మీ జీతం, ఇంట్లోవాళ్లు రిసెప్షన్‌లో కూర్చునే పని, సొంత బిల్డింగ్ అయితే దాని అద్దె విలువ ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. లేకపోతే 345 అన్నది అబద్ధం. మీ బదులు బయటి మేనేజరుని పెట్టి 40,000 ఇవ్వాల్సి వస్తే అదే అంకె 378 అవుతుంది. ఏసీలు, మంచాలు, గీజర్లు ఏడెనిమిదేళ్లకి మార్చాలి కదా, దానికి నెలనెలా పక్కన పెట్టే డబ్బు కూడా స్థిర ఖర్చే.

400ని మాత్రం ఏడాదికోసారి చూస్తే చాలదు. లాండ్రీ వాళ్లు రేటు మార్చినప్పుడు, బ్రేక్‌ఫాస్ట్ మెనూ మారినప్పుడు, కరెంటు చార్జీ పెరిగినప్పుడు, అన్నిటికన్నా ముఖ్యంగా మీ గెస్టుల బస తీరు మారినప్పుడు మళ్లీ వేయాలి. సగటు బస రెండు రాత్రుల నుంచి ఒకటిన్నరకి తగ్గితే, ఏ ధరా మారకపోయినా 220ని పంచే చోట 110 కాస్తా 147 అవుతుంది, 400 కాస్తా 437. మీ దగ్గర నెలవారీగా చెకౌట్‌ల సంఖ్య, రోజువారీగా నిండిన గదుల సంఖ్య ఉంటే ఇక్కడ పెట్టండి. నేను పది అనుకున్న ఆ నిండిన రాత్రులు నిజంగా ఎన్నో తెలిస్తే కంపెనీ వాళ్లతో ఏ తేదీలు వదిలేయమనాలో చెప్పొచ్చు.